రెండు భాషల కథలో మళ్ళీ మళ్ళీ వచ్చే ఒకే వాక్యం: మా పాప సగంలోనే లేచి వెళ్ళిపోతోంది

చిన్నిఅమ్మ
మా పాపకి నాలుగున్నరేళ్ళు. తెలుగు చెప్తే అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే ఇస్తుంది. అందుకని పడుకునే ముందు చెప్పడానికి రెండు భాషల్లో ఒక చిన్న కథ నేనే రాసుకున్నాను. ఒక ముఖ్యమైన వాక్యాన్ని రెండు భాషల్లోనూ మళ్ళీ మళ్ళీ చెప్తే అది నోటికి వచ్చేస్తుందని ఆశ.

కథ ఇది. అమ్మ బాతు చెరువుకి బయల్దేరింది. వెనకాల నాలుగు పిల్లలు, అందరికంటే వెనకాల బుజ్జిబాతు. దారిలో పొడుగు గడ్డి, తర్వాత పడిపోయిన చెట్టు మొద్దు, తర్వాత బురద వస్తాయి. చివర దట్టమైన కంచె. పెద్ద పిల్లలకి దారి దొరకదు, బుజ్జిబాతు కింద కన్నంలోంచి దూరి అవతలికి వెళ్తుంది.

ప్రతి చోటా నేను చెప్పే వాక్యం: "చిన్నవాళ్ళు కూడా పెద్ద పనులు చేయగలరు." వెంటనే, "ఇంగ్లీషులో అంటే, ఈవెన్ లిటిల్ వన్స్ కెన్ డూ బిగ్ థింగ్స్." మొత్తం ఆరుసార్లు వస్తుంది. మూడోసారికి మా పాప "యూ సెడ్ దట్ ఆల్రెడీ" అనేసి లేచి బొమ్మల దగ్గరికి వెళ్ళిపోయింది. రెండో రోజూ అంతే. బాతు కథ అంటే ఇష్టమే, బొమ్మల పుస్తకంలో బాతుల్ని గంటసేపు చూస్తుంది. మరి తప్పు ఎక్కడుందో తెలియడం లేదు.

వానచినుకు
రెండు భాషలూ ఒకే కథలో కలిపితే పిల్లలు కన్ఫ్యూజ్ అవుతారండి. సోమవారం తెలుగు, మంగళవారం ఇంగ్లీషు అని రోజులు పెట్టుకోండి. వెంటవెంటనే రెండూ చెప్పడం అస్సలు వద్దు. మా అక్క కూతురి విషయంలో ఇలాగే చేశాం.

నెమలికన్ను
మా బాబుకీ ఇంగ్లీషు చదవడం కష్టంగానే ఉండేది. కథ చివర పదాల పట్టిక పెట్టి, రోజుకి ఐదు పదాలు స్పెల్లింగుతో సహా రాయించండి. రెండు నెలల్లో తేడా కనపడుతుంది.

చిన్నిఅమ్మ
నెమలికన్ను గారూ, చదవడం, రాయడం గురించి కాదండి నేనడిగింది. ఇంగ్లీషు తనకి బాగానే వచ్చు. చీకట్లో పక్కన పడుకోబెట్టుకుని నోటితో చెప్పే కథ ఇది. తన నోట తెలుగు మాట బయటికి రావాలని నా కోరిక.

పలక_బలపం
చాలా ఏళ్ళుగా చిన్నపిల్లలకి రెండు భాషల్లో కథలు చెప్తున్నాను. మీ కథ బాగుంది, ఇబ్బందంతా వాక్యంలో ఉంది. వానచినుకు గారు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది కాబట్టి ముందు అక్కణ్ణుంచి మొదలుపెడతాను.

రెండు భాషలు వింటే పిల్లలు అయోమయంలో పడరు. ఎవరితో ఏ భాష మాట్లాడాలో మూడేళ్ళ పిల్లలకే తెలుసు. కానీ ప్రతి తెలుగు మాట వెనకాలా వెంటనే ఇంగ్లీషు వస్తుందని తెలిసిపోతే, బలంగా ఉన్న భాష కోసం కాచుకుని రెండోదాన్ని వినడం మానేస్తారు. మీ పాప విన్నది ఆరు ఇంగ్లీషు వాక్యాలు, వాటి ముందు ఆరుసార్లు ఏదో చప్పుడు. "ఇంగ్లీషులో అంటే" అన్న మాట మీరు పలికిన ప్రతిసారీ బాతు మాయమై టీచరమ్మ వస్తోంది. ఆ "అంటే"ని ముందు తీసేయండి.

రెండోది, ఆ వాక్యం ఎవరిది? కథలో ఏ బాతూ ఆ మాట అనడం లేదు. అది మీరు, పెద్దవాళ్ళు, పాపకి చెప్తున్న మాట. నాలుగేళ్ళ పిల్ల తన సొంత అవసరానికి ఎప్పుడైనా "చిన్నవాళ్ళు కూడా పెద్ద పనులు చేయగలరు" అంటుందా? బుజ్జిబాతు వెనకబడింది. దానికి ఆ క్షణంలో ఏం అరవాలని ఉంటుంది? అదే మీ వాక్యం.

కవలలనాన్న
"ఆగండి!" అని అరుస్తుంది కదా. మా ఇద్దరూ పార్కులో అదే అరుస్తారు. ఒకడు తెలుగులో, ఒకడు ఇంగ్లీషులో, నిజంగానే. నాతో పెద్దవాడు తెలుగు మాట్లాడతాడు, చిన్నవాడు మాట్లాడడు. ఒకే ఇంట్లో, ఒకే రోజు పుట్టి ఇలా ఎందుకైందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

పలక_బలపం
"ఆగండి" దగ్గరగా వచ్చింది. కానీ తర్వాత బుజ్జిబాతు అమ్మ ఒక్కదాన్నే పిలిస్తే "ఆగు" అనాలి, అందరినీ పిలిస్తే "ఆగండి" అనాలి. ఇంగ్లీషులో రెంటికీ "వెయిట్" చాలు. కథ మొత్తం మారకుండా నిలబడే వాక్యం కావాలి, మార్చదలుచుకుంటే మనం కావాలని ఒక్కసారే మార్చాలి.

నా సూచన ఇది:

"నేనూ వస్తున్నా!"
"ఐమ్ కమింగ్ టూ!"

గట్టిగా ఒకసారి పలికి చూడండి. తెలుగులో "కూడా" అన్న భావమంతా "నేను" చివర సాగదీసిన "ఊ"లో ఉంది. ఇంగ్లీషులో అదే భావం చివరి మాట "టూ"లో ఉంది. రెండు చోట్లా చెవికి వినపడేది పొడుగు "ఊ"నే. ఇది యాదృచ్ఛికమే, కానీ ఇంత చక్కగా కుదరడం అరుదు. వెనకబడిన పిల్ల సాగదీసి అరిచే చప్పుడు కూడా అదే కదా: "నేనూఊఊ వస్తున్నా!", "ఐమ్ కమింగ్ టూఊఊ!" మీరు వివరించకుండానే ఆ ఊ ఈ ఊ ఒక్కటేనని పాప చెవి పట్టుకుంటుంది.

మాట వరస మాత్రం తిరగబడి ఉంది. తెలుగులో క్రియ చివర వస్తుంది, కాబట్టి "నేనూ..." అని ఆగితే పాప "వస్తున్నా" అనాలి. ఇంగ్లీషులో "ఐమ్ కమింగ్..." అని ఆగితే "టూ" అనాలి. చివరి మాట ముందు ఆగడం అనే చిన్న పని రెండు భాషల్లో రెండు వేరే మాటల్ని బయటికి లాగుతుంది. మీకు కావలసింది తెలుగు క్రియ, అది తనంతట తానే చివర్లో ఉంది.

సూటిమాట
"వస్తున్నా" అని అర్ధంతరంగా ఎందుకు? "వస్తున్నాను" అనాలి. పిల్లలకి మొదటిసారి నేర్పేటప్పుడే పూర్తి రూపం నేర్పకపోతే తర్వాత రాసేటప్పుడు కూడా ఇలాగే రాస్తారు. ఇంకో మాట. ఇంగ్లీషు వాక్యంలో ఉన్న ప్రతి మాటకీ తెలుగులో మాట ఉండాలి కదా, "ఐ"కి "నేను", "టూ"కి "కూడా". "నేను కూడా వస్తున్నాను" అంటే తేటగా ఉంటుంది.

పలక_బలపం
"నేను కూడా వస్తున్నాను" తప్పేమీ కాదు. కానీ వెనకబడి పరిగెత్తే పిల్లకి అది పొడుగు. మాటకి మాట సరిపోవాలని నేను చూడను, అదే అవసరంలో ఒక తెలుగు పిల్ల ఏమంటుంది, ఒక ఇంగ్లీషు పిల్ల ఏమంటుంది అని చూస్తాను. ఇంగ్లీషులోనూ "ఐ యామ్" అని విడదీసి ఏ పిల్లా అరవదు, "ఐమ్" అంటుంది. అటు కుదించి ఇటు కుదించకపోతే తెలుగు బడిలా, ఇంగ్లీషు ఆటలా వినపడుతుంది.

"వస్తున్నాను" గురించి మీరన్నదాంట్లో ఒక గట్టి విషయం ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

చిన్నిఅమ్మ
"నేనూ వస్తున్నా" ఇప్పుడే పలికి చూశాను. నేను చెప్పులేసుకుంటుంటే తను పరిగెత్తుకొచ్చి అనేది సరిగ్గా ఇదే, ఇంగ్లీషులో. ఇంత దగ్గరగా ఉన్న మాట నాకెందుకు తట్టలేదో!

మరి "అంటే" తీసేస్తే రెండో భాష వాక్యాన్ని కథలోకి ఎలా తేవాలి? ఒకదాని పక్కన ఒకటి పెడితే మళ్ళీ అనువాదంలాగే ఉంటుంది కదా.

పలక_బలపం
అక్కడే అసలు పని ఉంది. ఒకే మాటని రెండుసార్లు అనడానికి కథలోనే కారణం ఉండాలి. పిలుపుకి ఆ కారణం తేలిగ్గా దొరుకుతుంది: మొదటిసారి ఎవరికీ వినపడలేదు. కాబట్టి ఇంకోసారి, ఇంకా గట్టిగా. ఆ ఇంకోసారి వేరే భాషలో. పాపకి అది అర్థం చెప్పడంలా ఉండదు, బాతు పట్టు వదలకపోవడంలా ఉంటుంది.

వరస కూడా ఒకేలా ఉంచకండి. ఇంగ్లీషు ఎప్పుడూ రెండోదే అయితే మళ్ళీ దానికోసమే కాచుకుంటుంది. మీ కథలో నాలుగు ఘట్టాలున్నాయి, ప్రతి ఘట్టంలో ఒక జత పిలుపులు చాలు. ఆరు ఎక్కువ. గొంతు మాత్రం ప్రతిసారీ మారాలి, లేకపోతే మీ పాప "ఆల్రెడీ సెడ్" అనడం న్యాయమే. గడ్డిలో కంగారుగా, మొద్దు దగ్గర రోషంగా, బురదలో నీరసంగా. అవే మాటలు, వేరే మనసు.

ఒక చిత్తు రాశాను. కథనం కూడా ఘట్టానికో భాషలో పెట్టాను, ఏ ఘట్టాన్నీ రెండోసారి చెప్పలేదు.

*గడ్డి.* అమ్మ బాతు ముందు నడుస్తోంది. వెనకాల నాలుగు పిల్లలు. వాటి వెనకాల బుజ్జిబాతు. గడ్డి పొడుగ్గా ఉంది, బుజ్జిబాతుకి ఎవరూ కనపడలేదు. "నేనూ వస్తున్నా!" ఎవరికీ వినపడలేదు. ఇంకా గట్టిగా, "ఐమ్ కమింగ్ టూ!" అమ్మ ఆగింది.

*మొద్దు.* దెన్ కేమ్ ఎ బిగ్ లాగ్. వన్, టూ, త్రీ, ఫోర్, దే ఆల్ జంప్డ్ ఓవర్. లిటిల్ డక్ వజ్ టూ స్మాల్. "ఐమ్ కమింగ్ టూ!" నోబడీ హర్డ్. సో లిటిల్ డక్ షౌటెడ్, "నేనూ వస్తున్నా!" అండ్ రాన్ ఆల్ ది వే రౌండ్.

*బురద.* కాలు దిగబడిపోయింది. లాగితే రాలేదు. ఇంకా లాగితే ఇంకా దిగింది. బుజ్జిబాతు గొంతు చిన్నదైపోయింది. "నేనూ... వస్తున్నా..." ఇంకా చిన్నగా, "ఐమ్... కమింగ్... టూ..." అమ్మ వెనక్కి వచ్చి ముక్కుతో లేవనెత్తింది.

*కంచె.* అవతల నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది. ఎటు చూసినా దారి లేదు. బుజ్జిబాతు కింద చిన్న కన్నం చూసింది. దూరింది. తపక్! నీళ్ళలో పడింది. ఇప్పుడు ఇవతల నుంచి నాలుగు గొంతులు: "వుయ్ ఆర్ కమింగ్ టూ!" బుజ్జిబాతు వెనక్కి చూసింది. ఇంకా గట్టిగా: "మేమూ వస్తున్నాం!"

చివర్లో మాట తిరగబడింది చూడండి. ఇన్నిసార్లు వెనకాల నుంచి వచ్చిన పిలుపే ఇప్పుడు పెద్దవాళ్ళ నోట వచ్చింది. చిన్నవాళ్ళు పెద్ద పని చేశారని మీరు చెప్పనక్కర్లేదు. ఆఖరి మాట తెలుగులో పెట్టాను, పాప పూరించవలసిన ఖాళీ అక్కడే వస్తుంది కాబట్టి.

గోరుముద్ద
నేను అమ్మమ్మనండి. మా మనవరాలికి వీడియో కాల్‌లో కథలు చదువుతుంటాను. ఇంగ్లీషు అక్షరాలు నాకు రావు. ఇలా తెలుగు అక్షరాల్లో రాసిపెడితే మా అమ్మాయి సాయం లేకుండా నేనే చదువుకోగలను, అందుకు చాలా సంతోషం.

ఒక సందేహం. మొద్దు దగ్గర "వన్, టూ, త్రీ" అన్నారు, ఆ వెంటనే "టూ స్మాల్" అన్నారు, ఆ వెంటనే "కమింగ్ టూ" అన్నారు. నాకు మూడూ ఒకేలా వినపడ్డాయి. ఆ టూ, ఈ టూ ఒకటేనా?

పలక_బలపం
అమ్మా, ఎంత మంచి పట్టు పట్టారు! మూడూ వేరు. ఒకటి రెండు అనే అంకె, ఒకటి మరీ చిన్నది అనడంలో "మరీ", ఒకటి మన "కూడా". ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే అంకె వేరేగా కనపడుతుంది కాబట్టి నా కంటికి ఆనలేదు. కథ వినేది చెవి, చెవికి మూడూ ఒక్కటే. ముఖ్యమైన వాక్యంలోని ముఖ్యమైన మాట చుట్టూ అదే చప్పుడున్న వేరే మాటలు ఉండకూడదు. ఆ ఘట్టాన్ని ఇలా మార్చండి:

దెన్ కేమ్ ఎ బిగ్ లాగ్. ది అదర్స్ జంప్డ్ ఓవర్. లిటిల్ డక్ కుడ్ నాట్ జంప్.

లెక్కపెట్టాలని ఉంటే తెలుగు ఘట్టంలో "ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఎక్కడ బుజ్జిబాతు?" అని పెట్టుకోవచ్చు.

వానచినుకు
ఒకే ఘట్టంలో రెండు భాషలు కలపడం నాకు ఇప్పటికీ నచ్చలేదు. కానీ పిలుపు వినపడక రెండోసారి అరవడం బాగుంది, అది ఒప్పుకుంటాను. మా అక్క కూతురు రోజుల పద్ధతిలో బాగానే నేర్చుకుంది. కాకపోతే తెలుగు రోజున కథ వద్దని పేచీ పెట్టేది, ఇప్పుడు ఆలోచిస్తే ఎందుకో కొంచెం తెలుస్తోంది.

సూటిమాట
చివర "మేమూ" సరిగ్గా వేశారు. చాలామంది ఇక్కడ "మనమూ" రాసేస్తారు. పిలిచేవాళ్ళు ఇవతల ఉన్నారు, బుజ్జిబాతు ముందే వెళ్ళిపోయింది, వినేవాణ్ణి కలుపుకోకూడదు కాబట్టి "మేము"నే రావాలి. ఇంగ్లీషు "వుయ్"లో ఈ తేడా లేదు. ఇంగ్లీషులో ఆలోచించే పిల్లకి ఇది ఎలా తెలియాలి?

ఇంకోటి. "వస్తున్నా", "వస్తున్నాం". మధ్య తేడా ఒక్క సున్నా. నాలుగేళ్ళ పిల్లకి అది వినపడుతుందా? "వస్తున్నాను", "వస్తున్నాము" అని ఉంటే ఎవరు మాట్లాడుతున్నారో క్రియే చెప్పేది.

పలక_బలపం
నేను దాటేసి తర్వాత వస్తానన్నది ఇదే. మీరన్నది నిజం. నిండు రూపంలో "ను", "ము" ఎదురెదురుగా నిలబడతాయి. నేను ఎంచుకున్న రూపంలో ఆ బరువంతా "నేనూ", "మేమూ" మీద పడుతుంది. ఇంట్లో మాట్లాడే రూపమా, తేడా తేటగా వినపడే రూపమా అంటే నేను ఇంటి రూపానికే మొగ్గుతాను, చిన్నిఅమ్మ గారింట్లో "వస్తున్నాను" అనే అలవాటుంటే అదే పెట్టుకోవాలి. కథలో ఒక రూపం, ఇంట్లో ఒక రూపం ఉంటే పాప కథలో మాటని బయటికి తెచ్చుకోదు.

"మేమూ" సంగతి నేర్పనక్కర్లేదు. నాలుగు గొంతులతో చెప్పి, అవతల ఉన్న బుజ్జిబాతు వైపు చూపించండి. మిగతాది పదిసార్లు విన్నాక వస్తుంది.

కవలలనాన్న
పదిసార్లా? మావాళ్ళకి రోజూ కొత్త కథ కావాలి. ఒకటే చెప్తే విసుగు రాదా? కొత్త కథల్లో ఎక్కువ మాటలు వస్తాయి కదా అని నేను రోజుకొకటి చెప్తున్నాను.

పలక_బలపం
కథకులుగా విసుగు మనకి ముందొస్తుంది. 2011లో జెసికా హోర్స్ట్, ఆమెతో పనిచేసినవాళ్ళు మూడేళ్ళ పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. వారం రోజుల పాటు కొందరికి అవే కథలు మళ్ళీ మళ్ళీ చదివారు, కొందరికి వేరే వేరే కథలు చదివారు. కొత్త మాటలు విన్న లెక్క ఇద్దరికీ సమానమే. ఆ మాటల్ని బాగా నేర్చుకున్నది అవే కథలు విన్న పిల్లలు. అది ఒకే భాషలో చేసిన పని, రెండు భాషల గురించి దాన్నిబట్టి నేను ఖాయంగా చెప్పను. కానీ నేను చూసింది కూడా అలాగే ఉంది. తర్వాత ఏం జరుగుతుందో తెలిసిపోయాకే పిల్ల చెవి మాటల మీదికి మళ్ళుతుంది.

చిన్నిఅమ్మ గారూ, మొదటి రెండు రాత్రులూ ఎక్కడా ఆగకండి, కథ అలా సాగిపోనివ్వండి. మూడో రాత్రి బురద దగ్గర ఆగండి, ఎందుకంటే అక్కడ బాతు కూడా నీరసంతో ఆగుతోంది. "నేనూ..." అని మనసులో నెమ్మదిగా ఐదు లెక్కపెట్టండి. రాకపోతే మీరే పూర్తి చేసి ముందుకెళ్ళండి. "చెప్పు, చెప్పు" అనొద్దు. "బాతు ఏమంది తెలుగులో?" అని అసలు అడగొద్దు. అది పరీక్ష అయిపోతుంది.

గోరుముద్ద
మా మనవరాలు "నేను టూ వస్తున్నా" అంటుంది ఇప్పటికే. దిద్దాలా?

పలక_బలపం
వద్దమ్మా. తెలుగు వాక్యంలో "కూడా" ఎక్కడుండాలో ఆ పిల్లకి సరిగ్గా తెలుసు, చూశారా? "నేను" పక్కనే పెట్టింది, ఇంగ్లీషులోలా చివర పెట్టలేదు. మాట ఒక్కటే అరువు తెచ్చుకుంది. మీరు నవ్వుతూ "అవునా, నువ్వూ వస్తున్నావా?" అనండి, చాలు.

సూటిమాట
నేనైతే దిద్దుతాను. మెత్తగా దిద్దొచ్చు, కానీ దిద్దకుండా వదిలేస్తే అదే పాతుకుపోతుంది. ఈ విషయంలో పలక_బలపం గారితో నాకు కుదరదు.

చిన్నిఅమ్మ
పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నాను. కథ తొమ్మిది రాత్రులు చెప్పాను.

మొదటి రాత్రి చివరిదాకా ఉంది. అదే నాకు పెద్ద విషయం. రెండో రాత్రి మొద్దు దగ్గర "ఐమ్ కమింగ్ టూ" నాతోపాటు అరిచింది. మూడో రాత్రి బురద దగ్గర ఆగాను. ఐదు లెక్కపెట్టడం ఎంత పొడుగో అప్పుడు తెలిసింది, మూడు దగ్గరే నోరు తెరవబోయి ఆపుకున్నాను. తను ఏమీ అనలేదు. నేనే పూర్తి చేశాను. నాలుగో రాత్రీ ఏమీ లేదు. నాకు టెన్షన్ పెరిగింది, ఇక్కడ రాసి అడుగుదామనుకుని ఆగాను.

ఐదో రాత్రి "నేనూ..." అనగానే చాలా చిన్న గొంతుతో, సరిగ్గా బాతులాగే, "వస్తున్నా" అంది. చీకట్లో నా చెయ్యి పట్టుకుని ఉంది. నేను ఏమీ అనకుండా కథ కొనసాగించాను, అదే కష్టమైంది.

ఏడో రోజు పొద్దున నేను తలుపు తీస్తుంటే లోపలి గదిలోంచి "నేనూఊఊ వస్తున్నా!" అని అరిచింది. కథ లేదు, బాతు లేదు, నేను అడగలేదు.

"మేమూ వస్తున్నాం" మాత్రం ఇంకా రాలేదు. చివర్లో నాలుగు గొంతులకీ తను "నేనూ వస్తున్నా" అనే అంటోంది. ఇంగ్లీషులో "వుయ్ ఆర్" బాగానే అంటుంది. సూటిమాట గారు చెప్పిన ఇబ్బంది ఇదేనేమో. మా ఇంట్లో "వస్తున్నా" అంటాం కాబట్టి మార్చలేదు.

ఇంకొకటి జరిగింది. నిన్న కథ అయిపోయాక "వాట్ అబౌట్ ద మమ్మీ?" అని అడిగింది. నిజమే, అమ్మ బాతు కంచె ఎలా దాటిందో కథలో లేదు. నేను ఆలోచిస్తుండగానే తనే అంది, "అమ్మూ వస్తోంది." అమ్మూ! నాకు ముద్దొచ్చింది కానీ ఏమనాలో తెలియలేదు.

సూటిమాట
"అమ్మా వస్తోంది" అనాలి. అకారంతో ముగిసే మాటకి దీర్ఘం "ఆ" వస్తుంది. అమ్మా, నాన్నా, అక్కా. కానీ ఇది తప్పు అనడానికి నాకూ మనసు రావడం లేదు. "కూడా"కి బదులు మాట చివర సాగదీయాలని ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు కదా.

పలక_బలపం
ఎవరూ చెప్పలేదు, తనే కనిపెట్టింది. "నేనూ", "మేమూ", "టూ" అన్నిట్లో వినపడింది "ఊ"నే, అందుకని అదే అతికించింది. నేను గొప్పగా చెప్పిన ఆ పొడుగు ఊ కలిసి రావడంలో ఉన్న చిక్కు ఇప్పుడు బయటపడింది. "ఊ" అంటేనే "కూడా" అనుకుంటోంది. చివరి అచ్చు ఏదైతే అది సాగుతుందని తెలియాలంటే "ఊ" కాని మాట ఒకటి కథలో ఉండాలి. పైగా "అమ్మా" అంటే పిలుపులా కూడా వినపడుతుంది, అందుకే చాలా ఇళ్ళలో అక్కడ "అమ్మ కూడా" అనేస్తాం.

ఒక దారి ఉంది. కంచె దగ్గర కప్ప ఒకటో, పిల్లి ఒకటో చేర్చండి. "పిల్లీ వస్తోంది!" అని నాలుగు పిల్లలూ అరిస్తే దీర్ఘం "ఈ" వినపడుతుంది, పిలుపుతో గందరగోళం ఉండదు.

కవలలనాన్న
బాతుల వెనకాల పిల్లి వస్తోందంటే మావాళ్ళు నిద్రపోరండీ, అది తినేస్తుందని. తాబేలు పెట్టండి.

పలక_బలపం
నిజమే, పిల్లి వద్దు. తాబేలుతో "తాబేలూ వస్తోంది" అవుతుంది, మళ్ళీ ఊ. "చేపా వస్తోంది", నీళ్ళలోంచి, ఎదురుగా. ఇది కుదరొచ్చు.

చిన్నిఅమ్మ
చేప బాగుంది. ఈ రాత్రి చెప్తాను. అమ్మ బాతుని మాత్రం పాప చెప్పినట్టే దాటిస్తున్నాను. కంచె చుట్టూ తిరిగి వస్తుందట, "లాంగ్ వే, బట్ వస్తోంది" అంది.

గోరుముద్ద
చేప వచ్చిన ఘట్టం రాశాక ఇక్కడ పెట్టమ్మా, తెలుగు అక్షరాల్లోనే. ఆదివారం మావాళ్ళు కాల్ చేస్తారు.